సెల్ఫీ చూసి స్లైడర్లు జరిపితే ముక్కు ఎందుకు ముందుకొస్తుంది

"అన్నా, ఎల్డెన్ రింగ్ గేమ్‌లో నా క్యారెక్టర్‌కి నా మొహమే పెట్టుకుందామని మూడు రాత్రులు కూర్చున్నా. ఆర్కే బీచ్‌లో సాయంత్రం దిగిన సెల్ఫీ పక్కనే పెట్టుకుని ఒక్కో స్లైడర్ జరిపా. చివరికి ముక్కు బంగాళాదుంప, రంగు బూడిద పూసినట్టు, జుట్టు హెల్మెట్. మా చెల్లి చూసి 'ఏటిది, మన బాబాయిలా ఉంది' అంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి."

తమ్ముడూ, నువ్వు స్లైడర్ ముట్టుకోకముందే తప్పు జరిగిపోయింది. ముందు ఆ సెల్ఫీని పక్కన పడెయ్.

నేను ఇప్పుడు త్రీడీ క్యారెక్టర్ల పని చేస్తున్నాను కానీ, అంతకుముందు జగదాంబ దగ్గర ఒక స్టూడియోలో ఏళ్ల తరబడి పాస్‌పోర్ట్ ఫోటోలు తీశాను. అక్కడ మొదటి వారంలోనే మా పెద్దాయన నన్ను కెమెరాతో సహా రెండడుగులు వెనక్కి లాగేవాడు. "మొహంలోకి దూరిపోతే ముక్కు తప్ప ఏం కనపడదురా" అనేవాడు. ఆ మాటకి లెక్క ఉంది. మనిషి ముక్కు కొనకీ చెవులకీ మధ్య లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకో. చెయ్యి చాచి సెల్ఫీ తీస్తే ఫోన్ నుంచి ముక్కు 40 సెంటీమీటర్ల దూరంలో, చెవులు 52 దగ్గర ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, చెవులతో పోలిస్తే ముక్కు 1.3 రెట్లు పెరిగినట్టు పడుతుంది. అదే రెండు మీటర్ల నుంచి తీస్తే 212ని 200తో భాగించాలి, 1.06 మాత్రమే వస్తుంది. అంటే నీ సెల్ఫీలో ముక్కు ఉండాల్సిన దానికంటే పావు వంతు దాకా ఉబ్బి ఉంది, చెవులు వెనక్కి నక్కాయి, దవడ సన్నబడింది. దాన్నే నువ్వు నిజమనుకుని గేమ్‌లోకి ఎక్కించావు. క్యారెక్టర్ క్రియేటర్‌లో మొహం చూపించే కెమెరా సాధారణంగా దూరం నుంచి జూమ్ చేసి చూసినట్టే చూపిస్తుంది. అందుకే సెల్ఫీలో సహజంగా అనిపించిన ముక్కు అక్కడికి వెళ్లేసరికి బంగాళాదుంప అయింది.

ఇది లెన్స్ దోషమని చాలామంది అనుకుంటారు. దూరమే అసలు కారణం. అందుకే వెనక్కి జరిగి జూమ్ వాడాలి. జూమ్ మొహాన్ని మార్చదు, ఫ్రేమ్‌ని కత్తిరిస్తుందంతే.

కొత్త ఫోటో ఇలా తియ్యి. చెల్లికి ఫోన్ ఇచ్చి రెండు మీటర్లు, అంటే మంచం పొడవంత దూరంలో నిలబెట్టు. రెండు రెట్ల జూమ్ పెట్టి, ఫోన్ నీ కళ్ల ఎత్తులో పట్టుకోమను. పై నుంచి తీస్తే గడ్డం కొన చిన్నదవుతుంది, కింద నుంచి తీస్తే దవడ బలిసినట్టు పడుతుంది. నవ్వొద్దు, నవ్వితే బుగ్గలు పైకెక్కి నోరు వెడల్పవుతుంది. జుట్టు వెనక్కి దువ్వి నుదురు, రెండు చెవులు కనపడనివ్వు. ఫోన్లో బ్యూటీ మోడ్ ఆపు. మన దగ్గర అమ్మే చాలా ఫోన్లలో అది మనం అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది, రంగు తేల్చేసి దవడ సన్నం చేసేస్తుంది. ఇలా ముందు నుంచి ఒకటి, పూర్తిగా పక్క నుంచి ఒకటి, రెండు కావాలి. ముందు నుంచి తీసిన ఫోటోలో ముక్కు ఎంత ముందుకొచ్చిందో, గడ్డం ఎంత వెనక్కి ఉందో ఎవరూ చెప్పలేరు. గేమ్‌లో ముందు నుంచి అచ్చుగుద్దినట్టు ఉన్న మొహం కాస్త తిప్పగానే వేరే మనిషైపోవడం అందుకే. ఇంకో మాట, చేతిలో ఒక తెల్ల కాగితం మొహం పక్కన పట్టుకో. దేనికో రంగు దగ్గర చెప్తా.

ఇక కొలతలు. చూసి జరపడం, మళ్లీ చూసి జరపడం పద్ధతి పది నిమిషాలే పని చేస్తుంది. తర్వాత కన్ను అలవాటు పడిపోయి, తప్పు మొహం కూడా ఒప్పులాగే కనిపిస్తుంది. అందుకని నేను ఒక్క కొలబద్ద పెట్టుకుంటాను: రెండు కంటిపాపల మధ్య దూరం. ఫోటోనీ, గేమ్ స్క్రీన్‌షాట్‌నీ ఏదైనా ఫోటో ఎడిటర్‌లో తెరిచి, రెండిట్లోనూ ఆ దూరం 100 పిక్సెల్స్ వచ్చేలా సైజు మార్చు. ఆ తర్వాత ఐదే కొలతలు: చెంప ఎముకల దగ్గర మొహం వెడల్పు, కంటిపాపల గీత నుంచి ముక్కు అడుగుకి, అదే కంటిపాపల గీత నుంచి పెదాలు కలిసే గీతకి, మళ్లీ అదే గీత నుంచి గడ్డం కొనకి, చివరగా ముక్కుపుటాల వెడల్పు. నుదురు ఇప్పుడే కొలవకు. జుట్టు ఎక్కడ మొదలవుతుందన్నది ఎముక సంగతి కాదు, అది జుట్టు దగ్గర చూసుకుందాం.

మా బావ మొహం చేసినప్పుడు జరిగింది చెప్తాను, నీకు ఉపయోగపడుతుంది. ఫోటోలో వెడల్పు 214, ముక్కు అడుగు 72, పెదాలు 106, గడ్డం 180, ముక్కు వెడల్పు 62 వచ్చాయి. గేమ్‌లో నేను చూపు మీద చేసిన మొహంలో అవే వరసగా 200, 67, 99, 168, 50. గడ్డం పొట్టిగా ఉంది కదా అని గడ్డం పొడుగు పెంచాను. అప్పుడు నోరు పైకెక్కినట్టు అనిపించింది, దాన్ని కిందకి దించాను. ముక్కు పొట్టిదైపోయింది, అదీ లాగాను. గంట పోయాక మా బావ గుర్రంలా తయారయ్యాడు.

అప్పుడు అంకెలు మళ్లీ చూశాను. మొదటి నాలుగూ విడివిడిగా తప్పు కాదు, నాలుగూ ఒకే నిష్పత్తిలో తక్కువ: దాదాపు 7 శాతం. నిలువు కొలతలు మాత్రమే తగ్గి ఉంటే మొహం పొట్టిదని అర్థం, `Vert. Face Ratio` దగ్గర సరిపోయేది. అడ్డం కొలత కూడా అంతే తగ్గిందంటే తప్పు మొహానిది కాదు, నా కొలబద్దది. గేమ్‌లో కళ్లు ఎడంగా ఉన్నాయి, ఆ ఎడాన్ని 100గా లాగితే మిగతావన్నీ చిన్నగా వచ్చాయి. చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేసి, ఒక్క `Eye Spacing` తగ్గించాను. నాలుగు కొలతలూ వాటంతటవే కుదిరాయి. ముక్కు వెడల్పు మాత్రం 53 దగ్గర ఆగింది, 62కి రాలేదు. అంటే అది నిజంగానే విడి తప్పు, దాన్ని ముక్కుపుటాల స్లైడర్‌తో సరిచేశాను. ఇది తెలిశాక నేను మొదట చూసేది ఇదే: ఎన్ని కొలతలు కలిసి ఒకే వైపు తప్పాయి? అన్నీ కలిసి తప్పితే కారణం ఒకటే, అది పైస్థాయిలో ఉంటుంది. ఒంటరిగా తప్పినదాన్నే చిన్న స్లైడర్‌తో ముట్టుకోవాలి.

ఎల్డెన్ రింగ్‌లో స్లైడర్లు 0 నుంచి 255 దాకా ఉండటం మనకి కలిసొచ్చే విషయం. ఒక్క స్లైడర్‌ని 20 జరిపి స్క్రీన్‌షాట్ తీస్తే, కొలత ఎంత మారిందో తెలుస్తుంది. దాన్నిబట్టి ఇంకెంత జరపాలో లెక్కేసుకోవచ్చు. ఒకేసారి రెండు జరిపావంటే దేనివల్ల ఏం మారిందో నీకే తెలియదు. వరస కూడా ముఖ్యమే. ముందు పోలిక దగ్గరగా ఉన్న టెంప్లేట్ ఎంచుకో, ఎందుకంటే మధ్యలో టెంప్లేట్ మారిస్తే నువ్వు పెట్టినవన్నీ పోతాయి. తర్వాత `Apparent Age`, `Facial Aesthetic`, `Form Emphasis` ముగించెయ్. ఈ మూడూ మొహమంతటినీ ఒకేసారి మారుస్తాయి. ముఖ్యంగా చివరిది మొహంలో ఎత్తుపల్లాలని ఎంత గట్టిగా చూపించాలో నిర్ణయిస్తుంది. ఐదు కొలతలూ కుదిర్చాక దాన్ని కదిపితే కట్టిందంతా కూలుతుంది. ఆ తర్వాత నిలువు, అడ్డం నిష్పత్తులు, తర్వాత కళ్లు, అప్పుడు ముక్కు, నోరు, దవడ. ఈ పనంతా జుట్టు లేకుండా గుండుతోనే చెయ్యి. జుట్టు పెట్టగానే చెంపలు కప్పేస్తుంది, మొహం వెడల్పు తెలియదు.

పక్క ఫోటోలో కొలతలక్కర్లేదు, ఒక్క గీత చాలు. ముక్కు కొన నుంచి గడ్డం కొనకి స్కేలు పెట్టినట్టు గీత గీసి, పెదాలు ఆ గీతకి ఎంత లోపల ఉన్నాయో, తాకుతున్నాయో, దాటాయో చూడు. గేమ్‌లో మొహాన్ని పక్కకి తిప్పి అదే గీత గీసి పోల్చు. మా బావకి పెదాలు గీతని తాకుతాయి. గేమ్‌లో బాగా లోపల ఉండిపోయాయి, గడ్డం మరీ ముందుకొచ్చేసి. ముందు నుంచి చూసినంతసేపూ ఈ తేడా నాకు తట్టనేలేదు.

ఇంత చేసినా నీ మొహం నీకే కొత్తగా అనిపించొచ్చు. రోజూ అద్దంలో చూసుకునే మొహం తిరగేసిన మొహం. నీ పాపిడి, కాస్త ఎత్తుగా ఉన్న కనుబొమ్మ, నోటి వంకర అన్నీ అద్దంలో అటువైపు ఉంటాయి. పైగా చాలా గేముల్లోలాగే ఇక్కడ కూడా మొహం స్లైడర్లు కుడి ఎడమ రెండిటినీ ఒకేలా మారుస్తాయి, మనిషి మొహం అలా ఉండదు. అందుకని ఫోటోని అడ్డంగా తిరగేసిన కాపీ ఒకటి చేసి, అసలు దాని మీద సగం పారదర్శకంగా పెట్టు. ఆ మధ్యరకం మొహమే గేమ్ ఇవ్వగలిగిన గరిష్ఠం. సరిపోయిందో లేదో నువ్వు తేల్చకు, మీ చెల్లిని అడుగు. ఆ అమ్మాయి రోజూ చూసేది నీ అసలు మొహం. బాబాయి పోలిక పట్టేసిందంటే కన్ను మంచిదే.

ఇక రంగు. బూడిద పూసినట్టు రావడానికి కారణం మన బీచే. విశాఖలో సముద్రం తూర్పు వైపు, సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోతాడు. ఆ వేళ బీచ్ రోడ్డు మీద సముద్రం వైపు తిరిగి ఫోటో దిగితే మొహం మీద పడేది ఎండ కాదు, సముద్రం మీది ఆకాశపు నీలి వెలుతురు. గోధుమరంగు చర్మం మీద నీలం పడితే ఎరుపు తగ్గి బూడిదరంగు వస్తుంది. పొద్దున్నే అక్కడే దిగి ఉంటే దీనికి తిరగబడి, మొహం ఇటుక రంగులో పడేది. రెండూ నీ రంగు కావు.

అందుకే ఫోటో పొద్దున పది గంటలకి వరండాలో, నేరుగా ఎండ పడని చోట తియ్యమంటాను. తియ్యబోయే ముందు మొహం తువ్వాలుతో గట్టిగా తుడుచుకో. మన ఊరి ఉక్కకి నుదుటి మీద, ముక్కు మీద మెరుపు ఎప్పుడూ ఉంటుంది, ఆ మెరుపు మీద తీసిన రంగు చర్మం రంగు కాదు. చెంప ఎముకకి కొంచెం కింద, మెరుపు గానీ నీడ గానీ లేని చోట ఎడిటర్‌లోని కలర్ పికర్ పెట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలూ రాసుకో. పికర్ ఒక్క పిక్సెల్ కాకుండా చుట్టుపక్కల సగటు తీసుకునేలా పెట్టుకో. తర్వాత కాగితం మీద కూడా అలాగే తీసుకో.

బావ ఫోటోలో చెంప 148, 104, 78 వచ్చింది. కాగితం 224, 214, 192. కాగితం తెల్లదే కదా, మూడూ సమానంగా రావాలి. నీలం అంత తగ్గిందంటే వాళ్ల వరండా గోడకున్న పసుపు సున్నం వెలుతురులో కలిసింది. దాన్ని తీసెయ్యడానికి చెంప అంకెని అదే రంగు కాగితం అంకెతో భాగించి 255తో గుణిస్తే చాలు. 168, 124, 104 వచ్చాయి. తెల్ల కాగితం కూడా తన మీద పడిన వెలుతురంతా తిరిగి పంపదు, కాబట్టి ఒక ఐదు శాతం తగ్గించి 160, 118, 99 దగ్గర మొదలుపెట్టాను. ఎల్డెన్ రింగ్‌లో చర్మం రంగుకి కూడా ఈ మూడు అంకెలే స్లైడర్లుగా ఉంటాయి, నేరుగా పెట్టెయ్యొచ్చు.

పెట్టాక స్క్రీన్ మీద మాత్రం ఆ రంగు రాదు, కంగారు పడకు. గేమ్ తన చర్మపు టెక్స్చర్‌నీ, తన దీపాన్నీ దానికి కలుపుతుంది. ఇక్కడ చాలామంది స్క్రీన్‌షాట్‌లో ఎరుపు ఎక్కువైందని స్లైడర్‌లో ఎరుపు తగ్గించేస్తారు, తీరా గేమ్‌లోకి వెళ్లి పగటి వెలుతురులో చూస్తే శవంలా కనిపిస్తుంది. ఆ ఎరుపు చర్మానిదా దీపానిదా అని తేల్చడానికి గేమ్‌లోనే ఒక తెల్ల కాగితం ఉంది: కంటి తెల్లగుడ్డు. దాని రంగు మార్చకుండా ఉంచి, నీడ పడని చోట పికర్ పెట్టు. తెల్లగుడ్డు కూడా పచ్చగా, ఎర్రగా వస్తే అది దీపం, వదిలెయ్. తెల్లగుడ్డు తెల్లగానే ఉండి చెంప మాత్రమే ఎర్రగా ఉంటే అప్పుడు చర్మం సరిచెయ్. బావ విషయంలో చెంపని తెల్లగుడ్డుతో భాగించి చూస్తే ఎరుపు, ఆకుపచ్చల నిష్పత్తి ఫోటోలో ఉన్నట్టే 1.36 వచ్చింది. నీలం ఒక్కటే కాస్త ఎక్కువ, 99 నుంచి 92కి దించాను, అంతే. తెల్లగుడ్డు అసలు కాగితమంత తెల్లగా ఉండదు కాబట్టి దీన్ని దశాంశాల దాకా లాగొద్దు, ఏ వైపు తప్పిందో తెలుసుకోవడానికి మాత్రమే వాడు.

మన రంగు మనుషులకి ఇంకో చిక్కుంది. నలుపు తగ్గించాలని మూడు అంకెలూ ఒకేసారి సమానంగా పెంచితే, ఉదాహరణకి తలా 30 కలిపితే, నిష్పత్తి పాడై రంగు మళ్లీ బూడిదలోకే పోతుంది. వెలుతురు పెంచాలంటే మూడిటినీ ఒకే సంఖ్యతో గుణించాలి, కలపకూడదు. ఈ ఒక్క తప్పు వల్లే గేముల్లో చామనఛాయ మొహాలు సిమెంట్ పూసినట్టు వస్తుంటాయి. సిమ్స్ 4 లాంటి వాటిలో అంకెలు ఉండవు, వెచ్చని ఛాయా చల్లని ఛాయా అని వేరు చేసి ఉంటాయి. అక్కడ కూడా స్క్రీన్‌షాట్ తీసి ఇదే నిష్పత్తి చూసుకోవచ్చు. ఇవన్నీ చేసేటప్పుడు కంప్యూటర్‌లో నైట్ లైట్, టీవీలో వివిడ్ లాంటి మోడ్‌లు ఆపి ఉంచు. రాత్రి రెండింటికి కూర్చున్నావంటే నైట్ లైట్ ఆన్‌లోనే ఉండి ఉంటుంది.

జుట్టు సంగతి త్వరగా తేల్చేద్దాం. స్టైల్ ఎంచుకునేటప్పుడు పైన కుచ్చు ఎలా ఉందని చూడకు, జుట్టు నుదుటి మీద ఎక్కడ మొదలైందో చూడు. అదే 100 పిక్సెల్స్ కొలబద్దతో కంటిపాపల గీత నుంచి జుట్టు మొదలు దాకా కొలిచి, ఆ ఎత్తుకి దగ్గరున్న స్టైల్ తీసుకో. కుచ్చు వేరుగా ఉన్నా మనిషి పోలిక పోదు, నుదురు ఎత్తు మారితే పోతుంది. హెల్మెట్‌లా వచ్చిందంటే నల్ల జుట్టని మూడు అంకెలూ సున్నా పెట్టేసి ఉంటావు. సున్నా దగ్గర జుట్టు పాయల మధ్య నీడకీ జుట్టుకీ తేడా ఉండదు, అంతా ఒక ముద్ద. 30, 25, 22 లాంటి నలుపు పెట్టు. `Luster` బాగా తగ్గించు, తలకి కొబ్బరినూనె పెట్టుకుని ఫోటో దిగితే తప్ప. `Root Darkness` కొద్దిగా పెంచితే పాయలు విడివిడిగా కనిపిస్తాయి.

నువ్వు గడ్డం పెంచి ఉంటే దవడ కొలత నమ్మొద్దు. గేమ్‌లో కూడా గడ్డం పెట్టాకే దవడని పోల్చు. నున్నగా గీసుకునేవాడివైతే చర్మం రంగు గడ్డం మీద తియ్యకు, చర్మం కింద వెంట్రుక కుదుళ్లుండి అక్కడ రంగు నీలంగా పడుతుంది. ఆ నీలం నీడ లేకపోయినా మొహం ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. అందుకే చివర్లో `Stubble` కొంచెం పెట్టు. మా బావకి అది పెట్టేదాకా మా అక్క ఒప్పుకోలేదు. పెట్టాక మాత్రం "పొద్దున్నే షేవింగ్ చేసుకోమంటే వినడు, ఇందులో కూడా అలాగే ఉన్నాడు" అంది.

పూర్తయ్యాక ఫేవరెట్స్‌లో సేవ్ చేసుకుని ఆట మొదలుపెట్టు. బయట పగటి వెలుతురులో చూసి రంగు తేడా అనిపిస్తే, రౌండ్‌టేబుల్ హోల్డ్ చేరాక అక్కడి అద్దం దగ్గర మళ్లీ మార్చుకోవచ్చు.